క్రైస్తవ చర్చి చీలికలు: పటం ఎలా గీయాలి?

ఒకే బిందువు నుంచి మూడు గీతలు గీయడం సరికాదు. ఈ మూడు శాఖలు రెండు వేర్వేరు చీలికల వల్ల ఏర్పడ్డాయి.

```
ఉమ్మడి చర్చి
├─ ఆర్థడాక్స్ (1054)
└─ కాథలిక్
    └─ ప్రొటెస్టెంట్ (1517)
```

పోప్ అధికారం తూర్పు చర్చిలపైనా చెల్లుతుందా అన్నది మొదటి తగాదాలో ముఖ్యమైన అంశం. 1054లో పోప్ దూత హంబర్ట్, కాన్‌స్టాంటినోపుల్‌లోని హాగియా సోఫియా చర్చిలో పాట్రియార్క్ మైకేల్ కెరులారియస్‌ను బహిష్కరిస్తూ పత్రం ఉంచాడు. అప్పటికి ఆ పోప్ చనిపోయి దాదాపు మూడు నెలలైంది! విభేదాలు అంతకుముందే ఉన్నాయి, చీలిక పూర్తవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. అందుకే ఈ సంవత్సరాన్ని గుర్తుగా మాత్రమే తీసుకోవాలి.

1517లో జర్మనీలో పాప పరిహార పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించిన మార్టిన్ లూథర్ కాథలిక్ సన్యాసి. కాబట్టి ఆ గీత కాథలిక్ కొమ్మ నుంచే రావాలి.

మీరే చెప్పండి:
1. 1054 పత్రం ఎవరిని బహిష్కరించింది?
2. ప్రొటెస్టెంట్ గీతను ఆర్థడాక్స్ కొమ్మకు కలిపితే తప్పేమిటి?