విడిభాగం ఒకటి, ప్రశ్నలు రెండు

కారు కొనేటప్పుడు పైచేయి మనదే. ఒక షోరూంలో ధర కుదరకపోతే ఇంకో కంపెనీ షోరూంకి వెళ్తాం. కొన్నాక హెడ్‌లైట్ పగిలితే మాత్రం బేరం ఉండదు. ఆ మోడల్‌కి పట్టే హెడ్‌లైటే కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మెకానిక్ ఉన్నా, ఆయనకు అసలు పార్టు దొరక్కపోతే బండిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి.

ఈ సంగతి మీద 2011లో కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు అందింది. మొదట అందులో ఉన్నవి హోండా, ఫోక్స్‌వ్యాగన్, ఫియట్ మాత్రమే. మిగతా కంపెనీలదీ అదే దారి అని అనిపించి దర్యాప్తు పరిధి పెంచారు. 2014 ఆగస్టులో 14 కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా పడింది. కాంపిటీషన్ చట్టంలో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడాన్ని నిషేధించేది సెక్షన్ 4, పోటీని దెబ్బతీసే ఒప్పందాలను నిషేధించేది సెక్షన్ 3. ఈ ఒక్క కేసులో రెండూ వర్తించాయి. వాటి తేడా చూడాలంటే ఇంతకన్నా మంచి కేసు నాకు కనపడలేదు.

సెక్షన్ 4 కింద మొదట తేల్చాల్సింది మార్కెట్ ఏది అన్నది. కారునూ విడిభాగాలనూ కలిపి ఒకే మార్కెట్‌గా చూడాలని కంపెనీలు వాదించాయి. కొనేవాడు జీవితకాలం ఖర్చంతా లెక్కేసుకునే కొంటాడు కాబట్టి పార్టుల ధర పెంచితే కార్లే అమ్ముడుపోవని వాటి మాట. కమిషన్ ఒప్పుకోలేదు. పదేళ్ల తర్వాత ఏ పార్టు ఎంతవుతుందో షోరూంలో కూర్చుని ఎవరు లెక్కగడతారు? అందుకని ఒక్కో బ్రాండు విడిభాగాలు ఒక్కో విడి మార్కెట్ అయ్యాయి. కార్ల అమ్మకాల్లో వాటా చాలా చిన్నదైన కంపెనీ కూడా తన సొంత పార్టుల దగ్గర ఆధిపత్యంలో ఉన్నట్టే లెక్క తేలింది.

అలా ఉండటం నేరం కాదు. బయటి మెకానిక్‌లకు పార్టులు, మరమ్మతుకు కావాల్సిన పరికరాలు అందకుండా చేసి, అన్యాయమైన ధరలు వసూలు చేయడమే తప్పయింది. ఇదంతా కంపెనీ ఒంటరిగా చేయగలిగిన పని. అవతల మరొకరు ఒప్పుకున్నారని రుజువు చేయాల్సిన అవసరం లేదు.

సెక్షన్ 3కు అది చాలదు. రెండు చేతులు కలిస్తేనే చప్పట్లన్నట్టు, ఒప్పందానికి రెండు పక్షాలు ఉండాలి. కమిషన్ ఇక్కడ రెండు రకాల ఒప్పందాలను పట్టుకుంది. ఒకటి హెడ్‌లైట్ లాంటివి తయారుచేసి ఇచ్చే సంస్థలతో: మా అనుమతి లేకుండా మీరు నేరుగా బజారులో అమ్మకూడదు. రెండోది డీలర్లతో: బయటి మెకానిక్‌లకు పార్టులు అమ్మకూడదు. ఇలా పైవాడికీ కిందవాడికీ మధ్య కుదిరే ఒప్పందాన్ని చట్టం పుట్టుకతోనే తప్పు అనదు. కొత్తవాళ్లకు దారి మూసుకుపోయిందా, కొనేవాళ్లకు దానివల్ల మేలేమైనా ఉందా అని తూచి, పోటీకి నష్టం జరిగిందని చూపించాలి.

డిజైన్ల మీద హక్కులు మావేనని కంపెనీలు మరో వాదన తెచ్చాయి. మేధో సంపత్తి కాపాడుకునేందుకు పెట్టే సమంజసమైన షరతులకు సెక్షన్ 3లో మినహాయింపు ఉంది. సెక్షన్ 4లో అలాంటిది లేదు. న్యాయవాదులు ఏ సెక్షన్ కోసం పట్టుబట్టాలో ఆలోచించేది ఇలాంటి చోటే. ఈ కేసులో ఆ మినహాయింపు కూడా అక్కరకు రాలేదు, ఆ హక్కులకు తగిన ఆధారం చూపలేకపోయారు.

సిమెంట్ కేసు దీనికి పూర్తిగా ఎదురు. 2012లో సిమెంట్ కంపెనీల మీద సుమారు 6,300 కోట్ల జరిమానా వేసినప్పుడు, వాటిలో ఏ ఒక్కటీ మార్కెట్‌ను ఒంటరిగా శాసించే స్థితిలో ఉందని కమిషన్ అనలేదు. తప్పు కలిసికట్టుగా జరిగింది. సంఘం సమావేశాల్లో ధరల, ఉత్పత్తి వివరాలు ఇచ్చిపుచ్చుకున్నారని, సామర్థ్యం ఉండీ ఉత్పత్తి తగ్గించారని కమిషన్ అభియోగం. సాటి వ్యాపారుల మధ్య ధర కుదుర్చుకున్నారని తేలితే చట్టం పోటీకి హాని జరిగిందనే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం కంపెనీలదే. ఆ ఉత్తర్వు విధానపరమైన లోపం వల్ల కొట్టుడుపోయింది, 2016లో కమిషన్ కేసును మళ్లీ విని మళ్లీ జరిమానా వేసింది.

ఇక్కడ ఒక సందు మిగిలిపోయింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు కంపెనీలకు కలిపి ఉమ్మడి ఆధిపత్యం అంటగట్టే వీలు మన సెక్షన్ 4లో లేదు. అవి మాట్లాడుకోకుండానే, ఒకరు పెంచిన ధరను చూసి మరొకరు పెంచుకుంటూ పోతే సెక్షన్ 3 కూడా అందుకోలేదు. ధరలు ఒకేలా కదిలాయన్నంత మాత్రాన ఒప్పందం ఉన్నట్టు కాదు. ఫోన్ కాల్సో, సమావేశాల రికార్డులో, వ్యాపార తర్కానికి అందని మరేదైనా గుర్తో దానికి తోడుగా దొరకాలి.