నొప్పి తగ్గించే మాత్రే మోషన్ ఆపేస్తుంది.. ఊపిరీ నెమ్మది చేస్తుంది! మార్ఫిన్ ఒంట్లోకి వెళ్లాక అసలేం జరుగుతుందంటే..

రఘునాథపల్లిలో ఒక ఇల్లు ఊహించుకోండి. ఇంటి పెద్దాయనకు అరవై దాటాయి, నోటి క్యాన్సర్. రోజుకు నాలుగు ట్రమడాల్ మాత్రలు వేసినా నొప్పి ఆగలేదు. రాత్రంతా కూర్చునే తెల్లారేది. చివరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడి పాలియేటివ్ కేర్ డాక్టర్లు మార్ఫిన్ రాశారు. 10 మిల్లీగ్రాముల మాత్ర, నాలుగు గంటలకోసారి.

మూడో రోజుకు ఇంట్లో సీన్ మారిపోయింది. నొప్పి తగ్గింది. పెద్దాయన చాన్నాళ్లకు మనవడితో నవ్వుతూ మాట్లాడారు. కానీ మోషన్ అయి నాలుగు రోజులైంది, కడుపు ఉబ్బింది. మధ్యాహ్నం పూట పిలిస్తే తప్ప కళ్లు తెరవట్లేదు. కొడుక్కి భయం పట్టుకుంది. "బాపుకు ఈ మందు పడతలేదేమో, ఆపేద్దామా?" అని అక్కతో అన్నాడు.

ఇది ఊహించి చెప్పిన ఇల్లే. కానీ మార్ఫిన్ వాడే ఇళ్లలో ఈ మూడూ కనిపించేవే. మనసు తేలికపడటం, మలబద్ధకం, మత్తుతో ఊపిరి నెమ్మదించడం. చూడ్డానికి ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఉంటాయి. తల ఎక్కడ, పేగు ఎక్కడ, ఊపిరి ఎక్కడ? అయినా మూడింటికీ కారణం ఒక్కటే.

ఒకే తాళం.. ఒంట్లో చాలా చోట్ల

మన నరాల కణాల పైన రిసెప్టర్లు అనే చిన్న చిన్న ప్రోటీన్లు ఉంటాయి. తలుపుకు తాళంలాంటివి అనుకోండి. సరిపోయే మందు వచ్చి వాటిలో కూర్చుంటే, కణం లోపలికి ఒక ఆర్డర్ వెళ్తుంది. నల్లమందు జాతి మందులు, అంటే మార్ఫిన్, కోడీన్, ఫెంటనిల్, ట్రమడాల్, టపెంటడాల్ లాంటివన్నీ కూర్చునే తాళాన్ని ఓపియాయిడ్ రిసెప్టర్ అంటారు. అందులో మూడు ముఖ్యమైన రకాలున్నా మనకు కావాల్సింది 'మ్యూ' అనే రకం. ఇప్పుడు చెప్పుకునే మూడు పనులూ ప్రధానంగా దాని మీదే నడుస్తాయి.

ఈ తాళాలు దేవుడు నల్లమందు కోసం పెట్టినవి కావు. 1973లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో క్యాండేస్ పర్ట్, సాలమన్ స్నైడర్ వీటి ఆనవాలు చూపించారు. గసగసాల మొక్క పాలకు మన మెదడులో తాళం ఎందుకుంది అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. రెండేళ్లకే, 1975లో, స్కాట్లాండ్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ జవాబు కనిపెట్టారు. మన ఒళ్లే అలాంటి పదార్థాలు తయారు చేసుకుంటుంది. వాటికి ఎన్‌కెఫాలిన్లు అని పేరు పెట్టారు. మార్ఫిన్ వచ్చి ఆ సొంత తాళాల్లోనే కూర్చుంటుంది. కాకపోతే మన ఒళ్లు కావాల్సిన చోట, కావాల్సినంతసేపే వాడుకుంటుంది. మాత్ర అలా కాదు, రక్తంలో కలిసి అన్ని చోట్లకూ ఒకేసారి వెళ్తుంది.

ఇంతకీ లోపలికి వెళ్లే ఆర్డర్ ఏంటి? 'నెమ్మదించు'. అంతే. ఒక నరం పక్క నరానికి కబురు పంపాలంటే దాని చివర్లోకి కాల్షియం రావాలి. మ్యూ రిసెప్టర్ ఆన్ కాగానే ఆ కాల్షియం దారి మూసుకుపోతుంది. పొటాషియం బయటికి వెళ్లే దారి తెరుచుకుని కణం ఇంకా చల్లబడుతుంది. కబురు వెళ్లదు, లేదా సగమే వెళ్తుంది. వెన్నుపాములో ఇదే జరిగితే పుండు దగ్గర నుంచి వచ్చే నొప్పి కబురు మెదడు దాకా గట్టిగా చేరదు. పెద్దాయనకు నిద్ర పట్టింది అందుకే.

ఇదే ఆర్డర్ వేరే చోట్ల ఏం చేస్తుందో చూద్దాం.

హాయి ఎక్కడి నుంచి వస్తుందంటే..

ఇక్కడో తిరకాసు ఉంది. నరాలను నెమ్మదింపజేసే మందు హుషారు ఎలా ఇస్తుంది? మెదడు మధ్య భాగంలో డోపమైన్ వదిలే కణాలుంటాయి. వాటి పక్కనే వాటిని అదుపులో పెట్టే కాపలా కణాలు ఉంటాయి. మ్యూ రిసెప్టర్లు ఎక్కువగా ఉండేది ఈ కాపలా కణాల మీద. మార్ఫిన్ కాపలావాణ్ని నిద్రపుచ్చుతుంది. దాంతో డోపమైన్‌కు అడ్డు తొలగిపోతుంది. బ్రేక్ మీద కాలు తీస్తే బండి కదిలినట్టు.

అయితే అందరికీ 'కిక్' రాదు. మందు మెదడుకు ఎంత వేగంగా చేరిందన్నది ముఖ్యం. మామూలు మార్ఫిన్ మాత్ర రక్తంలో పూర్తి స్థాయికి చేరడానికి దాదాపు గంట పడుతుంది. నొప్పితో ఉన్న మనిషికి ఎక్కువసార్లు అనిపించేది కిక్ కాదు, 'అమ్మయ్య' అన్న ఊరట. అదే మందును పొడి చేసి నరంలోకి ఎక్కించుకుంటే క్షణాల్లో చేరుతుంది, వ్యసనం ముప్పు కూడా అంతే పెరుగుతుంది. పెద్దాయన మనవడితో నవ్వడాన్ని చూసి 'మత్తుకు అలవాటు పడ్డాడు' అనుకోవడం అన్యాయం. నెలల తర్వాత నొప్పి ఆగిన మనిషి నవ్వడా మరి?

పేగులో మాత్రం అలవాటు పడదు

మన పేగు గోడల్లో సొంత నరాల వల ఉంటుంది. తిన్నదాన్ని అలలు అలలుగా కిందికి తోసేది అదే. ఆ నరాల మీదా మ్యూ తాళాలు దండిగా ఉన్నాయి. మార్ఫిన్ 'నెమ్మదించు' అనగానే తోసే అలలు తగ్గిపోతాయి. పేగు లోపలికి ఊరే నీరు తగ్గుతుంది. మలం ఎక్కువసేపు ఉండిపోవడంతో ఉన్న నీటిని కూడా పేగు పీల్చేసుకుంటుంది. కింద మలద్వారం కండరం బిగుసుకుంటుంది. ఫలితం.. రాయిలా గట్టిపడ్డ మలం.

నమ్మకం కలగకపోతే మెడికల్ షాపులో దొరికే విరేచనాల మాత్ర లోపెరమైడ్‌నే తీసుకోండి. అది కూడా ఇదే తాళంలో కూర్చునే మందు! మామూలు మోతాదులో అది మెదడులోకి రాకుండా అక్కడి కాపలా వ్యవస్థ బయటికి తోసేస్తుంది కాబట్టి మత్తు ఉండదు. పేగు మాత్రం ఆగుతుంది. మార్ఫిన్ విషయంలో సైడ్ ఎఫెక్ట్ అనేదే ఇక్కడ ఆ మందు చేసే అసలు పని.

చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. మార్ఫిన్ మొదలుపెట్టినప్పుడు వచ్చే వికారం, మగత చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం సర్దుకోదు. మందు వాడినన్ని రోజులూ ఉంటుంది. అందుకే డాక్టర్లు మొదటి రోజు నుంచే సెన్నా (మన సునాముఖి) లేదా బిసాకోడిల్ లాంటి, పేగును కదిలించే మాత్ర జతగా రాస్తారు. దాన్ని 'మోషన్ బానే అవుతోంది కదా' అని పక్కన పెట్టేస్తే నాలుగో రోజుకు ఇదిగో ఇలా అవుతుంది. ఇసబ్గోల్ పొట్టు వేస్తే సరిపోతుందని ఇంకొందరు అనుకుంటారు. నీళ్లు సరిగా తాగని రోగిలో, కదలని పేగులో ఆ పొట్టు ఉబ్బి ఇంకా అడ్డం పడొచ్చు. సమస్య మలం తక్కువై కాదు కదా, తోసే నరం ఆగి!

ఊపిరి.. భయపడాల్సింది ఎప్పుడు?

మెడ పైన, మెదడు కింది భాగంలో ఊపిరికి తాళం వేసే కణాల గుంపు ఉంటుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే 'ఇంకాస్త గట్టిగా పీల్చు' అని చెప్పేదీ అక్కడే. మార్ఫిన్ మోతాదు మించితే ఈ గుంపు కూడా నెమ్మదిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా దానికి పట్టదు. మనిషికి ఆయాసం కూడా అనిపించదు. నిద్రలోనే ఊపిరి జారిపోతుంది, ప్రమాదం అక్కడే ఉంది.

మరి మార్ఫిన్ అంత భయంకరమా? డాక్టర్ చెప్పినట్టు మెల్లగా మోతాదు పెంచుతూ నోటి ద్వారా వాడితే అలా జరగడం అరుదు. నొప్పి ఊపిరిని తట్టి లేపుతూ ఉంటుంది. పైగా ఊపిరి ఆగే ముందు మగత వస్తుంది. అది ముందస్తు హెచ్చరిక.

లెక్క తప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. రేడియేషన్ పనిచేసి నొప్పి బాగా తగ్గితే, నిన్నటిదాకా సరిపోయిన మోతాదే ఇవాళ ఎక్కువవుతుంది. వాంతులతో, ఎండలతో ఒంట్లో నీరు తగ్గి మూత్రం సరిగా రాకపోతే ఇంకో ఇబ్బంది. మార్ఫిన్ నుంచి కాలేయం తయారు చేసే ఒక పదార్థం మార్ఫిన్ లాగే పనిచేస్తుంది, దాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలు. అవి వెనకబడితే అది ఒంట్లోనే పేరుకుంటుంది. కొన్ని వారాలు మందు మానేసి మళ్లీ పాత మోతాదుతోనే మొదలుపెట్టడం కూడా ప్రమాదమే. అప్పటికి ఒంటికి ఉన్న అలవాటు పోయి ఉంటుంది.

మన దగ్గర దీనికి తోడు కల్లు. స్వచ్ఛమైన కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది, అదీ మార్ఫిన్‌తో పడదు. ఇక కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయాజిపామ్ అయితే మరీ డేంజర్. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయిన సంగతి తెలిసిందే. ఆల్ప్రజోలం వేరే తాళంలో కూర్చుంటుంది. కానీ అదీ మెదడును చల్లబరిచేదే. రెండూ కలిస్తే ఒక్కోటి విడిగా చేయలేని పని చేస్తాయి. "రోజూ తాగేదే కదా, ఒక్క సీసా" అని పోసేవాళ్లకు అందులో ఏం కలిపారో ఎలా తెలుస్తుంది?

కొడుకు ఇప్పుడు ఏం చేయాలి? మాత్ర ఆపేయకూడదు. వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే నొప్పితో పాటు వణుకు, చెమటలు, విరేచనాలు కూడా వస్తాయి. ముందు పెద్దాయన నిద్రపోతున్నప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టి, పూర్తి ఒక నిమిషం ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో మామూలుగా 12 నుంచి 20 సార్లు. ఆ తర్వాత పేరు పెట్టి పిలవాలి, భుజం తట్టాలి. కళ్లు తెరిచి సరిగా మాట్లాడితే తదుపరి డోసుకు ముందు డాక్టర్‌కు ఫోన్ చేసి మగత గురించి చెప్పాలి. ఊపిరి 10 లోపు పడిపోయి, తట్టినా లేవకపోయి, కంటిపాప గుండుసూది మొనంత చిన్నదై, గొంతులో గురగుర వినిపిస్తే ఆగకుండా 108కు ఫోన్ చేయాలి. ఏ మందు, ఎన్ని మాత్రలు, ఎప్పుడు వేశారో చెప్పాలి. అలాంటప్పుడు నాలక్సోన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది అదే తాళంలోకి వచ్చి మార్ఫిన్‌ను బయటికి నెట్టేస్తుంది, నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. కాకపోతే దాని పని గంటకు అటూఇటూగా అయిపోతుంది, మార్ఫిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది. అందుకే లేచి కూర్చున్నా వెంటనే ఇంటికి తీసుకురాకూడదు.

మన పెద్దాయనకు లెక్క 14 వచ్చింది. "బాపూ" అనగానే కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగారు. నెలల నిద్ర బాకీ తీర్చుకుంటున్నారన్నమాట. ఫోన్‌లో డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న మాత్రం కడుపు గురించే. మందుల సంచి వెతికితే మోషన్ మాత్రల స్ట్రిప్ దొరికింది. ఒక్క మాత్రా తీయలేదు.