పేరు మార్చినా పోల్చుకుంటారు

సొంత అనుభవాన్ని పత్రికకు పంపేవాళ్ళు అందులోని ఇతరుల కోసం సాధారణంగా ఒకే ఒక జాగ్రత్త తీసుకుంటారు: పేర్లు మారుస్తారు. సుజాత సునీత అవుతుంది, చివర 'పేర్లు మార్చాం' అని ఒక మాట చేరుతుంది. ఊరు, ఉద్యోగం, పిల్లల చదువు, గొడవ జరిగిన పండగ మాత్రం ఉన్నవి ఉన్నట్టే అచ్చవుతాయి. మనిషిని పట్టించేవి అవే.

ఈ సంగతిని అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990ల్లో రుజువు చేసి చూపించింది. మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల ఆసుపత్రి వివరాలను పేర్లు, చిరునామాలు తీసేసి పరిశోధకులకు ఇచ్చింది. పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది, మన పిన్ కోడ్ లాంటి జిప్ కోడ్ మాత్రం ఉంచింది. స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ నగర ఓటర్ల జాబితా కొని, రెండిటినీ పక్కపక్కన పెట్టింది. అప్పటి గవర్నర్ విలియం వెల్డ్ పుట్టినరోజే పుట్టినరోజుగా ఉన్నవాళ్ళు ఆ జాబితాలో ఆరుగురు తేలారు. వాళ్ళలో మగవాళ్ళు ముగ్గురు. ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఆయనొక్కరే. విడిగా చూస్తే ఏ వివరమూ ఆయన్ని చూపించదు, మూడూ కలిస్తే ఇంకెవరినీ చూపించవు.

కుటుంబ కథ చదివేవాళ్ళకి ఓటర్ల జాబితా కూడా అక్కర్లేదు. ఆ వీధివాళ్ళకి, ఆ బడివాళ్ళకి, ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళకి సగం సంగతి ముందే తెలుసు. మనం దాచాల్సింది ముక్కూ మొహం తెలియని పాఠకుడి నుంచి కాదు, ఈ సగం తెలిసినవాళ్ళ నుంచి.

ఒక ఉత్తరం ముక్క చూద్దాం. మాట తేలిక కావడానికి నేను అల్లినది ఇది. 'మా పెద్దాడపడుచు సుజాత తెనాలిలో హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. అన్నయ్యగారు తాగొచ్చి కొట్టేవారు. 2019 దసరా ముందు రోజు గొడవలో ఆవిడ చెయ్యి విరిగింది. ఆ ఏడే వాళ్ళబ్బాయికి ఇంటర్లో జిల్లా మొదటి ర్యాంకు వచ్చింది. ఆసుపత్రిలో నాతో ఒక్క మాటంది: జీతం పడే ఏటీఎం కార్డు ఆయన దగ్గరుంది, నేనెక్కడికి పోను?'

తిరగరాసే ముందు ఈ కథకి ప్రాణం ఎక్కడుందో తేల్చుకోవాలి. నా లెక్కలో అది ఆ చివరి మాటలో ఉంది. నెలనెలా జీతం తెచ్చుకునే మనిషికి తన డబ్బు మీద హక్కు లేదు. దీన్ని నిలబెట్టే వివరాలు ఉండాలి, తక్కినవి పోవాలి. ఆవిడ ఉద్యోగస్తురాలన్నది ఉండాలి, లెక్కల టీచరన్నది అక్కర్లేదు. తెనాలి 'ఒక పట్టణం' అయితే కథకి వచ్చే నష్టమేమీ లేదు. 2019 దసరా 'కొన్నేళ్ళ కిందట' అవుతుంది. విరిగిన చేతికి కట్టు కట్టుకుని ఆవిడ వారాల తరబడి బడికి వెళ్ళి ఉంటుంది, అది వందమంది చూసి ఉంటారు, కాబట్టి 'దెబ్బలకి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది' అంటే చాలు. అబ్బాయి ర్యాంకు మొత్తంగా పోవాలి. ర్యాంకులు ఫొటోతో సహా పేపర్లో వస్తాయి, ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఎవరైనా ఇంటి దాకా వెళ్ళగలరు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మొదటి మాట, 'మా పెద్దాడపడుచు'. మన వరసలు వేలు పెట్టి చూపించినంత కచ్చితంగా ఉంటాయి. రచయిత్రి ఇంటిపేరు, ఊరు, ఫొటో పైన అచ్చయ్యాక ఆవిడకి పెద్దాడపడుచు లోకంలో ఒక్కరే. సుజాతని సునీత చేసి ఒరిగేదేమీ లేదు. రెండు దారులున్నాయి. వరసని 'దగ్గరి బంధువు'గా వదులు చెయ్యాలి, లేదా రచయిత్రి తన పేరే దాచుకోవాలి. బంధువుల కథల్లో రెండూ చెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. అన్నయ్యగారు కూడా అప్పుడు 'భర్త' అవుతారు. లేకపోతే ఆ పిలుపు పోయిన వరసని మళ్ళీ వెనక్కి తెస్తుంది.

తీసేయడం, వదులు చెయ్యడం ఇలా ఉంటే, మార్చడం వేరే సంగతి. తెనాలి తీసి మరో ఊరి పేరు పెట్టారనుకోండి. ఆ ఊళ్ళో నిజంగానే తాగి కొట్టే భర్త ఉన్న టీచరమ్మ ఉంటే, కథ వెళ్ళి ఆవిడ మీద పడుతుంది. అందుకే ఊరికి బదులు ఊరు పెట్టడం కన్నా పేరు లేకుండా వదిలేయడం మేలు. జబ్బుని, మందుని, కోర్టు తీర్పుని కూడా మార్చకూడదు. పాఠకులు వాటిని నిజమని నమ్మి నడుచుకుంటారు.

ఇక అచ్చుకి వెళ్ళే ముందు తెలుగు ఫైల్లో జరిగే పొరపాటొకటి ఉంది. పేరు వెతికి మార్చమని కంప్యూటర్‌కి చెబితే సుజాతని, సుజాతకి, సుజాతతో అన్నీ దొరుకుతాయి. సత్యం అనే పేరు అలా దొరకదు. అది సత్యాన్ని, సత్యానికి అని రూపు మారుతుంది. రాముడు రాముణ్ణి అవుతాడు. మొదట్లో మారిన పేరు ఐదో పేరాలో అసలు రూపంతో బయటపడేది ఇలాగే. సంభాషణల్లోని ముద్దుపేర్లు కూడా అంతే. అందుకని 'సత్య' అని సగం పేరుతో వెతకాలి, తర్వాత కాగితం మీద ఒకసారి చదవాలి. ఆడా మగా అన్నది దాచాల్సివస్తే పేరు మార్చడం సరిపోదు, వచ్చింది, వచ్చాడు అనే క్రియలే చెప్పేస్తాయి. 'వారు వచ్చారు' అనే గౌరవ వాచకం అక్కడ ఆదుకుంటుంది.

కొన్ని కథల్లో ఇదంతా మన ఇష్టానికి వదిలిన విషయం కాదు. లైంగిక దాడికి గురైన పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరు, చిరునామా, ఫొటోతో ఆగలేదు. కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, గుర్తు పట్టించే మరే వివరమైనా ప్రచురించకూడదంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, జరిమానా ఉన్నాయి. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు, దూరాన్నుంచైనా ఆమెని పోల్చుకోడానికి వీలిచ్చే వివరాలేవీ రాయకూడదని చెప్పింది. ఆడపడుచు కథకి ఈ సెక్షన్లు వర్తించవు కానీ, ఏమేం తీసెయ్యాలో చూసుకోడానికి పోక్సో జాబితా కన్నా మంచిది నాకు కనపడలేదు.

తిరగరాసిన కథని పరీక్షించడానికి, ఆ ఊరు బాగా తెలిసి ఈ సంగతి తెలియని ఒకరికి చదవనివ్వండి. 'ఇది ఎవరి కథ అయ్యుంటుంది?' అని అడగండి. ముగ్గురు నలుగురి పేర్లు చెబితే ఫరవాలేదు. ఒక్క పేరే చెబితే ఏ వివరం చూసి చెప్పారో కనుక్కుని దాన్ని తీసెయ్యాలి.

ఇంత చేసినా ఆ ఇంట్లోవాళ్ళ దగ్గర ముసుగు నిలవదు. ఏటీఎం కార్డు మాట చదవగానే ఆ భర్తకి తెలిసిపోతుంది, ఎవరికి చెప్పిందో కూడా తెలుస్తుంది. ఆ రాత్రి దెబ్బలు తినేది ఆవిడ. ఇక్కడ రాతలో చేయగల మార్పేమీ లేదు, ఆవిణ్ణే అడగాలి. 'నీ గురించి రాయనా వదినా?' అని అడిగి ఊరుకుంటే కాదు, తిరగరాసిన కథ మొత్తం చదివి వినిపించి అడగాలి. ఫోన్ ఆయన చేతిలో ఉండే ఇల్లయితే వాట్సాప్‌లో పంపకూడదు, ఒంటరిగా ఉన్నప్పుడు వినిపించాలి. సరేనన్నాక కూడా అచ్చుకి వెళ్ళేలోపు ఎప్పుడైనా వద్దనొచ్చని చెప్పాలి, ఆ గడువు తేదీ పత్రికవాళ్ళని ముందే కనుక్కోవాలి. వద్దంటే ఆ కథ పంపకూడదు.