వైఫై ఫుల్, నెట్ నిల్: పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపకుండా ల్యాన్ పోర్ట్‌లో కేబుల్ పెడితే జరిగేది ఇదే

బెడ్‌రూమ్‌లో సిగ్నల్ రావట్లేదని మొన్న మా ఫ్లాట్‌లో పాత రౌటర్ ఒకటి బయటికి తీశాం. మెయిన్ రౌటర్ ల్యాన్ పోర్ట్ నుంచి కేబుల్ లాగి, పాతదాని ల్యాన్ పోర్ట్‌లో పెట్టేశాం. రాత్రి అంతా బాగానే ఉంది. పొద్దున్నే రూమ్మేట్‌కి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే వైఫై ఫుల్‌గా ఉంది, నెట్ మాత్రం లేదు. పక్కనే నా ఫోన్‌లో, అదే వైఫైలో, వీడియోలు హాయిగా ప్లే అవుతున్నాయి!

కమాండ్ ప్రాంప్ట్‌లో `ipconfig /all` కొడితే దొంగ దొరికాడు.

```
IPv4 Address    : 192.168.0.102
Default Gateway : 192.168.0.1
DHCP Server     : 192.168.0.1
```

మా మెయిన్ రౌటర్ అడ్రస్ 192.168.1.1. మరి ఈ 192.168.0.1 ఎవరు? పాత రౌటరే.

ఏ డివైస్ అయినా నెట్‌వర్క్‌లో చేరగానే "నాకో ఐపీ అడ్రస్ ఇవ్వండి" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. జవాబిచ్చే పని డీహెచ్‌సీపీ సర్వర్‌ది. ల్యాన్ నుంచి ల్యాన్‌కి కలిపితే రెండు రౌటర్లూ ఒకే నెట్‌వర్క్ అయిపోతాయి కాబట్టి, మీరు మెయిన్ వైఫైకే కనెక్ట్ అయినా ఆ అరుపు పాతదానికీ వినిపిస్తుంది. సాధారణంగా ముందు వచ్చిన జవాబునే డివైస్ తీసుకుంటుంది. అడ్రస్‌తో పాటు "బయటికి వెళ్లాలంటే నా దగ్గరికే రా" అని గేట్‌వే కూడా వస్తుంది. కానీ పాతదాని వ్యాన్ పోర్ట్ ఖాళీ. డేటా అక్కడికి వెళ్లి ఆగిపోతుంది. నా ఫోన్ దగ్గర పాత అడ్రస్ ఇంకా ఉంది కాబట్టి బతికిపోయింది.

ముందు ఆ కేబుల్ పీకేసి, ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ కొట్టాం. నెట్ వచ్చేసింది, ఇంటర్వ్యూ అయిపోయింది.

```
ipconfig /release
ipconfig /renew
```

ఫోన్ అయితే వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ కనెక్ట్ అవ్వండి.

తర్వాత పాత రౌటర్‌ని సరిగ్గా పెట్టాం. మెయిన్‌కి కలపకుండానే దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ల్యాన్ ఐపీని 192.168.1.2గా మార్చాం. మెయిన్ రౌటర్ పంచే అడ్రస్‌ల రేంజ్‌లో ఈ నంబర్ ఉండకూడదు. కొత్త అడ్రస్‌తో లాగిన్ అయి, చివర్లో డీహెచ్‌సీపీ ఆఫ్ చేశాం. ఈ ఆర్డర్ ముఖ్యం. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి ఐపీ మీరే చేత్తో ఇస్తే తప్ప లాగిన్ పేజీ తెరుచుకోదు. ఇవన్నీ అయ్యాకే ల్యాన్ నుంచి ల్యాన్‌కి కేబుల్ పెట్టాం.

ఒక్క జాగ్రత్త. రెండు రౌటర్లూ 192.168.1.1 అయితే గేట్‌వే చూడటానికి కరెక్ట్‌గానే కనిపిస్తుంది, నెట్ మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు పాతదాని కేబుల్ తీసి చూడండి. ప్రాబ్లమ్ పోతే కారణం అదే.