క్లెయిమ్‌లో డబ్బులు ఎక్కడ తగ్గాయి? లెక్క మనమే చేసుకుందాం

మొన్న ఒక వ్యూయర్ తన సెటిల్‌మెంట్ లెటర్ పంపారు. బిల్లు 1,76,000 అయితే, కంపెనీ ఇచ్చింది 81,250. "ఇది కరెక్టేనా సార్?" అని అడిగారు. ఈరోజు దాన్నే ముందు పెట్టుకుని లెక్క చేద్దాం.

ఆయన పాలసీ 5 లక్షలది. రూమ్ రెంట్ లిమిట్ 1 శాతం, అంటే రోజుకి 5,000. ఆయన తీసుకున్నది 8,000 రూమ్, 4 రోజులు. ఆ బిల్లులో రూమ్ 32,000, సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్ కలిపి 80,000, మందులు 40,000, టెస్టులు 18,000. మిగతా 6,000 గ్లవ్స్, అడ్మిషన్ కిట్ లాంటివి. అవి నాన్ పేయబుల్, ముందే తీసేయండి. కాకపోతే అవే మందుల బిల్లులో కూడా కలిపి రెండుసార్లు కట్ చేశారేమో చూసుకోండి. ఇది తరచుగా జరిగేదే.

ఇప్పుడు అసలు సంగతి. లిమిట్ కంటే పెద్ద రూమ్ తీసుకుంటే రూమ్ అద్దె ఒక్కటే కాదు, దానితోపాటు డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. దీన్నే ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. ఇక్కడ 8,000కి 5,000, అంటే 62.5 శాతం. రూమ్‌కి 20,000, డాక్టర్, థియేటర్‌కి 50,000 వస్తాయి.

మరి మందులు, టెస్టులు? వాటిని తగ్గించకూడదండి. 2020లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో మందులు, ఇంప్లాంట్లు, టెస్టులని ఈ కోత నుంచి బయట పెట్టారు. ఐసీయూ చార్జీలకి కూడా ఈ కోత లేదు. పెద్ద రూమ్‌లో ఉన్నారని పారాసిటమాల్ రేటు మారదు కదా!

అంటే 20,000, 50,000, 40,000, 18,000 కలిపితే 1,28,000. ఈ జబ్బుకి పాలసీలో సబ్ లిమిట్ ఉంటే ఈ మొత్తాన్ని దానితో పోల్చాలి, ఆయనకి లేదు. చివర్లో డిడక్టబుల్ 25,000 తీసేస్తే రావాల్సింది 1,03,000.

కంపెనీ ఏం చేసిందంటే, మందులు, టెస్టులు కూడా కలిపి మొత్తం 1,70,000 మీద 62.5 శాతం వేసింది. 1,06,250 వచ్చింది, అందులో 25,000 తీసేసింది. తేడా 21,750 రూపాయలు!

మీకూ ఇలా అయితే, ఐటమ్ వారీగా కోతల వివరం రాతపూర్వకంగా అడగండి. తర్వాత కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి పై లెక్కతో మెయిల్ పెట్టండి. నెలలోపు జవాబు రాకపోయినా, ఒప్పుకోకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. ఫీజు లేదు, హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. కంపెనీ జవాబు వచ్చాక ఏడాదిలోపే వెళ్ళాలి.

ఇంకొకటి. రూమ్‌ని బట్టి డాక్టర్ ఫీజు మారని హాస్పిటల్స్ కొన్ని ఉన్నాయి. అక్కడైతే డాక్టర్, థియేటర్ మీద కూడా ఈ కోత వేయకూడదు. "మా దగ్గర అన్ని రూమ్‌లకీ ఒకటే రేటు" అని బిల్లింగ్ వాళ్ళ దగ్గర లెటర్ తీసుకుని జత చేయండి.