గాజు గోడ ఎప్పుడు అద్దమవుతుంది?

మన భాషలో కిటికీకి బిగించేదీ అద్దమే, ముఖం చూసుకునేదీ అద్దమే. కంప్యూటర్లో భవనం బొమ్మ తయారుచేసేవాడికి మాత్రం ఆ రెండూ వేరు. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలవుతుందో తెలియకపోతే కట్టబోయే మేడ బొమ్మలో వెండిరేకు చుట్టిన పెట్టెలా కనబడుతుంది.

విజయనగరం కోట గోడకి ఎదురుగా నాలుగంతస్తుల చీరల షోరూమ్ కట్టాలని ఒకాయన అనుకున్నారు. ముందువైపు నేల నుంచి పైదాకా గాజు గోడే, అంటే అల్యూమినియం చట్రాల్లో బిగించిన రెండు పొరల గాజు. బొమ్మ వేసి తీసుకెళ్లాను. ఆయన కాసేపు చూసి, "ఏటి బాబూ ఇది? లోపల నా చీరలేవీ కనబడవేటి?" అన్నారు. నిజమే, కనబడలేదు. పైగా కొన్ని పలకలు మిగతా వాటికంటే ధగధగ మెరుస్తున్నాయి. కింది అంతస్తులో కోట ఉండాల్సిన చోట ఎర్రపెంకుల విదేశీ ఇళ్లు ప్రతిఫలిస్తున్నాయి. ఈ మూడు తప్పులకీ మూడు వేర్వేరు కారణాలున్నాయి.

ముందు గాజు స్వభావం చూద్దాం. మామూలు గాజు వక్రీభవన గుణకం 1.52. ఎదురుగా నిలబడి చూస్తే దాని ఒక్కో ఉపరితలం తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతాన్నే తిప్పికొడుతుంది. పక్కకి జరిగి ఏటవాలుగా చూసేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది. రెండు పొరల గాజుకి నాలుగు ఉపరితలాలు కాబట్టి, ఎదురుగా చూసినప్పుడు మొత్తం 15 శాతం దాకా తిరిగొస్తుంది, 80 శాతం దాకా లోపలికి పోతుంది. నేను వాడే బ్లెండర్‌లో ప్రతి పలకకీ ఒకే పల్చని తలం పెడతాను. ఆ ఒక్క తలమే నాలుగు ఉపరితలాల పని చెయ్యాలి గనక గుణకం 1.52 బదులు 2.26 ఇస్తాను. అప్పుడు ఎదురుగా సరిగ్గా 15 శాతం వస్తుంది. ఏటవాలులో నిజం రెండు పొరల గాజు కంటే కొంచెం తక్కువ వస్తుంది గానీ కంటికి పట్టదు.

```
Mix Shader
  Fac      <- Fresnel (IOR 2.26)
  Shader 1 <- Transparent BSDF
  Shader 2 <- Glossy BSDF (Roughness 0)
```

సిద్ధంగా దొరికే `Glass BSDF` ఉండగా ఈ కలయిక ఎందుకంటే, అది దీపాల, సూర్యుడి వెలుగుని నేరుగా లోపలికి వదలదు. గాజు నీడ గోడ నీడలా నల్లగా పడుతుంది, గది చీకటైపోతుంది, చీకటి గది ముందున్న గాజు అద్దమైపోతుంది. `Transparent BSDF` ఆ వెలుగుని దాటనిస్తుంది.

ఇక మెరిసే పలకల సంగతి. ప్రతి తలానికీ ముందు వెనుకలుంటాయి. వెనుకవైపు నుంచి చూస్తున్నప్పుడు `Fresnel` గుణకాన్ని తిరగేసి లెక్కిస్తుంది, అంటే కాంతి గాజులోంచి గాలిలోకి వస్తోందని అనుకుంటుంది. నీళ్ల అడుగు నుంచి పైకి చూస్తే ఒక కోణం దాటాక నీటి పైపొర అద్దమైపోతుంది కదా, ఇదీ అంతే. 2.26 గుణకానికి ఆ కోణం 26 డిగ్రీలు. స్కెచ్‌అప్‌లో గీసిన నమూనాని తెచ్చుకున్నప్పుడు కొన్ని పలకలు వెనక్కి తిరిగి ఉండటం మామూలే. వాటిని ఎదురుగా నిలబడి చూస్తే తేడా తెలియదు. కెమెరాని పక్కకి జరిపితే మాత్రం అవి పూర్తి అద్దాలవుతాయి. తప్పు ఇదేనని గుర్తుపట్టే దారి కూడా అదే. `Face Orientation` తెరిస్తే వెనక్కి తిరిగినవి ఎర్రగా కనబడతాయి. వాటిని ఎంచుకుని `Flip` చేస్తే చాలు. నా బొమ్మలో మూడో అంతస్తులో ఒక వరుస మొత్తం అలాగే ఉంది.

అవి సరిచేసినా చీరలు కనబడలేదు. ఇక్కడ గాజుది తప్పు కాదు, వెలుగుల నిష్పత్తిది. లెక్క వేసి చూద్దాం. పగటి ఆకాశం ప్రకాశం చదరపు మీటరుకి 5,000 కాండెలా అనుకుంటే, అందులో 15 శాతం, అంటే 750, గాజు మీద నుంచి మన కంటికొస్తుంది. లోపల 1,000 లక్సుల దీపాలు పెట్టిన షోరూములో లేతరంగు చీర ప్రకాశం సుమారు 160. గాజు దాటి బయటికొచ్చేది 128. ఆరింతల వెలుగు వెనక చీర దాక్కుంటుంది. నిజం గాజు కూడా ఆకాశాన్ని ప్రతిఫలించే చోట మిట్టమధ్యాహ్నం అద్దంలాగే ఉంటుంది. సాయంత్రం ఆకాశం 50కి దిగితే ప్రతిఫలించేది 7 లేదా 8, చీరలు జిగేలుమంటాయి. చాలామంది ఇక్కడ లోపలి దీపాలని ఇరవై రెట్లు పెంచేస్తారు. అలా చేస్తే పట్టపగలు కొలిమిలా వెలిగే మేడ వస్తుంది. కట్టాక అది అలా ఉండదు కాబట్టి నేను దీన్ని యజమానికి చెప్పే అబద్ధంగానే లెక్కవేస్తాను.

నిజాయితీగా దొరికే దారి ఒకటుంది. గాజులో చీకటి వస్తువు ప్రతిఫలించిన చోట లోపలిది కనబడుతుంది. ఈ షోరూమ్ తూర్పుముఖం, కోట దానికి తూర్పున. ఉదయంపూట 1713 నాటి ఆ రాతిగోడకి మనవైపు ముఖం నీడలో ఉంటుంది. ఆ నీడగోడ ప్రకాశం 300 అనుకుంటే ప్రతిఫలించేది 45. చీరది 128. కాబట్టి ఉదయం తొమ్మిదింటి వెలుగుతో బొమ్మ వేస్తే కింది రెండంతస్తుల్లో కోట నీడ వెనక చీరలు తేటగా కనబడతాయి, పై అంతస్తుల్లో ఆకాశం మెరుస్తుంది. అదే మధ్యాహ్నం రెండింటికి ఎండ కోటగోడ మీద పడి, కింది అంతస్తులు కూడా అద్దమవుతాయి.

ఇది జరగాలంటే బొమ్మలో కోట ఉండాలి. మూడో తప్పు అక్కడిది. ఆకాశం కోసం వాడే విశాల ఛాయాచిత్రాల్లో అడుగుభాగాన వాటిని తీసిన ఊరి ఇళ్లు ఉంటాయి. మన గాజులోకి వచ్చేవి అవే. అందుకే కెమెరా వెనక కోటగోడని, చెట్లని, రోడ్డుని మోటుగానైనా కట్టిపెట్టాను. ఎత్తు, దూరం, రంగు సరిపోతే చాలు, చెక్కడాలు అక్కర్లేదు. చివరగా ప్రతి పలకనీ వేర్వేరు దిక్కులకి 0.2 డిగ్రీల లోపు వంచాను. పలక ఎంత వంగితే ప్రతిఫలించే కిరణం దానికి రెట్టింపు వంగుతుంది, 50 మీటర్ల దూరాన అది 35 సెంటీమీటర్లు. దాంతో కోటగోడ అంచు పలక పలకకీ కాస్త తెగుతూ కనబడింది. నిజం భవనాల్లో చూసేది అదే. తెగని గీత ఉంటే కన్ను వెంటనే నకిలీ అని పట్టేస్తుంది.

ఒక పరిమితి కూడా చెప్పాలి. ఈ లెక్కలన్నీ తెల్లగాజువి. ఎండని ఆపే పూతగాజు పెడితే లోపలికి వదిలేది 40 శాతానికి, ప్రతిఫలించేది 20 శాతం పైకి మారవచ్చు. అప్పుడు చీర నుంచి బయటికొచ్చేది 64, నీడగోడ నుంచి వచ్చేది 60. రెండూ సమానమై కలగాపులగమవుతాయి. గాజు ఖరారు కాకుండా బొమ్మ వెయ్యకండి. అమ్మేవారి దగ్గర కరపత్రం అడిగి, అందులో వెలుగుని ఎంత వదులుతుంది, బయటివైపు ఎంత ప్రతిఫలిస్తుంది అనే రెండు అంకెలూ రాసుకున్నాకే మొదలుపెట్టండి.