భూసార కార్డులో అంకె ఒకటి, పొలానికి మోసే బస్తా ఇంకొకటి

ఊళ్లో నాన్న కార్డును ఫోటో తీసి పంపిస్తాడు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు దాన్ని చూసి ఎరువుల లెక్క చెప్పాలి. 2015 ఫిబ్రవరిలో కేంద్రం సాయిల్ హెల్త్ కార్డు పథకం మొదలుపెట్టిన తర్వాత చాలా ఇళ్లలో ఇలాంటి కార్డు ఒకటి చేరింది. అందులో పన్నెండు అంశాలుంటాయి. చదవడం వస్తే చాలు, చెప్పడం తేలికే అనిపిస్తుంది. తప్పులు జరిగేదీ అక్కడే. ఇక్కడ కృష్ణా డెల్టా నల్లరేగడిలో వరి వేసే ఒక ఎకరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కార్డులోని విలువలు లెక్క చూపడానికి నేను అనుకున్నవే: పీహెచ్ 8.1, సేంద్రియ కర్బనం 0.46 శాతం, నత్రజని 213, భాస్వరం 31, పొటాష్ 310, జింక్ 0.48.

అపోహ: ఫోటో స్పష్టంగా ఉంటే అంకెలు సరిగ్గా ఉన్నట్టే

కార్డుకు ప్లాస్టిక్ పూత ఉంటే దాని మీద వెలుగు పడి దశాంశ బిందువు మాయమవుతుంది. 0.48 కాస్తా 048 అవుతుంది, లేదా 4.8లా కనిపిస్తుంది. జింక్ విషయంలో 0.48కీ 4.8కీ ఉన్న తేడా ఏమిటంటే ఒకటి లోపం, రెండోది సమృద్ధి. మడత పడిన చోట 8 చూడటానికి 3లా ఉంటుంది.

అందుకే కంటికి కనిపించినదాన్ని నమ్మేముందు ఆ అంకె నేలలో ఉండగలిగినదేనా అని చూడాలి. సాగు నేలల పీహెచ్ దాదాపు ఎప్పుడూ 4కూ 10కీ మధ్యే ఉంటుంది. డెల్టా వరి పొలంలో సేంద్రియ కర్బనం 4.6 శాతం ఉండే అవకాశం లేనట్టే, అది 0.46 అయ్యుండాలి. మరో పరీక్ష కూడా ఉంది. నత్రజని ఎక్కువ భాగం సేంద్రియ పదార్థంలోనే ఉంటుంది కనుక ఈ రెండూ సాధారణంగా ఒకే వైపు మొగ్గుతాయి. కర్బనం 0.3 అని, నత్రజని 450 అని కనబడితే ఏదో ఒకటి తప్పు చదివామన్నమాట. మన కార్డులో 0.46, 213 రెండూ తక్కువ వైపే ఉన్నాయి కాబట్టి నమ్మవచ్చు.

ఫోటోలో మొత్తం నాలుగు వరుసలూ రావాలి: అంశం పేరు, విలువ, కొలత, స్థాయి. చాలామంది విలువలు కనిపిస్తే చాలని మిగతాది కత్తిరించి పంపుతారు. అసలు ఆధారం ఆ కత్తిరించిన భాగంలోనే ఉందని ఇప్పుడు చూస్తాం.

అపోహ: నత్రజని 213 అంటే నేలలో 213 కిలోలు సిద్ధంగా ఉంది

హెక్టారుకు 213 కిలోల నత్రజని ఉందని రాసి ఉంటే, వరికి అంత అక్కర్లేదు కదా, యూరియా ఎందుకు అని అడిగేవారున్నారు. 213 వేయమని కార్డు చెబుతోందనుకునేవారూ ఉన్నారు. రెండూ కావు. ప్రయోగశాలలో పైపొర మట్టిని ఒక రసాయనంతో కాచి, దాని నుంచి విడుదలైన నత్రజనిని కొలుస్తారు. పంటకు అదంతా ఈ కాలంలో అందుతుందన్న హామీ ఏమీ లేదు. ఆ అంకెకు విలువ వచ్చేది పోల్చి చూసినప్పుడే. 280 కంటే తక్కువైతే తక్కువ స్థాయి, 560 దాటితే ఎక్కువ, మధ్యలో ఉంటే మధ్యస్థం. కార్డు నుంచి మనం తీసుకోవలసింది ఈ స్థాయిని. కిలోలను నేరుగా కూడటానికీ తీసివేయటానికీ వాడకూడదు.

నత్రజని విషయంలో నా అభిప్రాయం ఇంకొంచెం కఠినంగా ఉంటుంది. మన తెలుగు నేలల్లో ఇది చాలా చోట్ల తక్కువగానే ఉంటుంది, పైగా కాలం మారితే మారుతుంది. నాలుగేళ్ల కిందటి కార్డులో నత్రజని మధ్యస్థం అని ఉన్నా దాన్ని చూసి యూరియా తగ్గించను. భాస్వరం, పొటాష్, పీహెచ్ అంత త్వరగా మారవు కాబట్టి పాత కార్డు వాటికి ఇంకా పనికొస్తుంది.

అపోహ: భాస్వరం 31 అంటే 31, అందులో సందేహం ఏముంది?

అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. భాస్వరాన్ని రెండు రకాలుగా రాస్తారు. కొన్ని కార్డులు మూలకాన్ని, అంటే P ని చెబుతాయి. కొన్ని P2O5 రూపంలో చెబుతాయి. ఎరువుల బస్తా మీద ఉండేది ఎప్పుడూ రెండో రూపమే. P ని 2.29తో గుణిస్తే P2O5 వస్తుంది. పొటాష్‌కు అదే పద్ధతి: K ని 1.2తో గుణిస్తే K2O.

హెక్టారుకు కిలోల లెక్కలో P అయితే 11 లోపు తక్కువ, 25 దాటితే ఎక్కువ. P2O5 అయితే 25 లోపు తక్కువ, సుమారు 59 దాటితే ఎక్కువ. ఇప్పుడు మన 31ని చూడండి. అది P అయితే ఎక్కువ స్థాయి. P2O5 అయితే మధ్యస్థం మాత్రమే. పొటాష్ 310కీ ఇదే చిక్కు: K లెక్కలో 280 దాటింది కాబట్టి ఎక్కువ, K2O లెక్కలో 340 లోపే ఉంది కాబట్టి మధ్యస్థం. ఒకే ఫోటో, ఒకే అంకెలు, రెండు రకాల సలహాలు.

తేల్చుకునే దారి కార్డులోనే ఉంది. స్థాయి వరుసలో భాస్వరం ఎదురుగా ‘ఎక్కువ’ అని ముద్రించి ఉంటే ఆ 31 మూలకం లెక్క. ‘మధ్యస్థం’ అని ఉంటే P2O5 లెక్క. కొలత కనిపించకపోయినా ఈ ఒక్క మాట దొరికితే సరిపోతుంది. అదీ లేకపోతే నాన్నకు ఫోన్ చేసి ఇంకో ఫోటో అడగాలి, ఊహించి చెప్పకూడదు. మన కార్డులో భాస్వరానికీ పొటాష్‌కూ ‘ఎక్కువ’ అనే ఉందనుకుందాం.

భాస్వరానికి ఈ స్థాయి ఎందుకు వచ్చిందో రైతుకు చెబితే నమ్మకం కుదురుతుంది. డీఏపీలో వేసిన భాస్వరంలో మొదటి పంట వాడుకునేది ఐదో వంతుకు అటూ ఇటూ. సున్నం ఎక్కువగా ఉండే ఇలాంటి నేలలో మిగతాది కాల్షియంతో కలిసి అక్కడే నిలిచిపోతుంది. ఏటా బస్తా చొప్పున వేస్తూ పోతే నిల్వ పెరుగుతుంది.

అపోహ: నత్రజని 48 కిలోలంటే యూరియా 48 కిలోలు

వరికి విరివిగా వాడే సాధారణ సిఫారసు హెక్టారుకు 120-60-40. మన రైతు లెక్క ఎకరాల్లో ఉంటుంది, హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. కనుక ఎకరాకు నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు. హెక్టారు అంకెను ఎకరాకు అనుకుంటే ఎకరాకు దాదాపు ఆరు కట్టల యూరియా పడుతుంది. పైరు పచ్చగా ఏపుగా పెరిగి చివరికి పడిపోతుంది, దోమపోటు కూడా తోడవుతుంది.

స్థాయిని బట్టి ఈ సిఫారసును సవరించాలి. తక్కువైతే 30 శాతం కలపాలి, ఎక్కువైతే 30 శాతం తగ్గించాలి, మధ్యస్థమైతే అలాగే ఉంచాలి. ఒక జాగ్రత్త: కార్డులోనే పంటవారీ ఎరువుల సిఫారసు ఉంటే అది పరీక్ష ఫలితాల ప్రకారం సవరించినదే. దాన్ని మళ్లీ సవరించకూడదు. సవరణ సాధారణ సిఫారసుకే.

మన ఎకరాకు నత్రజని 62, భాస్వరం 17, పొటాష్ 11 కిలోలు తేలాయి. వీటిని ఎరువులుగా మార్చేటప్పుడు భాస్వరంతో మొదలుపెట్టాలి. డీఏపీలో 46 శాతం భాస్వరం ఉంటుంది కాబట్టి 17 కిలోలకు 37 కిలోల డీఏపీ చాలు. ఆ డీఏపీలో 18 శాతం నత్రజని కూడా ఉంది, అంటే దాదాపు 7 కిలోలు. దాన్ని 62లోంచి తీసేస్తే మిగిలింది 55. యూరియాలో 46 శాతం నత్రజని కనుక 120 కిలోలు. 45 కిలోల కట్టల లెక్కన రెండు కట్టలూ ఇంకో 30 కిలోలూ. డీఏపీలోని నత్రజనిని మరిచిపోతే యూరియా 135 కిలోలయ్యేది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతం పొటాష్ ఉంటుంది, 18 కిలోలు సరిపోతుంది.

అదే 31ని P2O5గా పొరబడి ఉంటే 52 కిలోల డీఏపీ చెప్పేవాళ్లం. ఎకరాకు 15 కిలోలు అనవసరంగా పోయేవి. పది ఎకరాల రైతుకు అది మూడు బస్తాల డబ్బు.

అపోహ: జింక్ తక్కువగా ఉంటే డీఏపీతో కలిపి చల్లితే సరిపోతుంది

జింక్‌కు గీత 0.6 పీపీఎం దగ్గర ఉంది, మన 0.48 దానికి కింద. వరి నాటిన రెండు మూడు వారాలకు పై నుంచి మూడో, నాలుగో ఆకుల్లో మధ్య ఈనె పాలిపోయి, ముదురాకుల మీద తుప్పు మచ్చలు వస్తే అది ఈ లోపమే. పీహెచ్ 8 దాటిన నేలలో, భాస్వరం నిల్వ పెరిగిన చోట జింక్ అందుబాటు ఇంకా తగ్గుతుంది. అంటే ఎక్కువ భాస్వరం, తక్కువ జింక్ విడివిడి సమస్యలు కావు. డీఏపీ తగ్గించడం కూడా ఇక్కడ వైద్యంలో భాగమే.

దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలి. భాస్వరం ఎరువుతో కలపకూడదు, కలిపితే రెండూ ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. మధ్యలో రెండు మూడు రోజుల వ్యవధి ఇవ్వాలి. ఒకసారి వేస్తే రెండు మూడు పంటల వరకు మళ్లీ అక్కర్లేదు. పైరులో లక్షణాలు కనిపించాక తెలిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఐదు రోజుల వ్యవధిలో రెండుసార్లు పిచికారీ చేయాలి.

పీహెచ్ 8.1 చూసి జిప్సం వేయమనే సలహా కూడా వినిపిస్తుంది. జిప్సం చౌడు నేలకు, అదీ ఎంత అవసరమో విడిగా పరీక్ష చేయించాక. ఈ కార్డు దానికి చాలదు.

అపోహ: కార్డు మీద పేరు ఉంది కాబట్టి మట్టి ఆ పొలానిదే

పథకం తొలి విడతల్లో నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధారమైతే పది హెక్టార్లకు ఒక నమూనా తీశారు. ఆ ఫలితాన్నే ఆ గడిలోని రైతులందరికీ ఇచ్చారు. మట్టి పక్క పొలంలోదై ఉండవచ్చు. నమూనా ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో ఫోటోలో చదవాలి. చేను పల్లమై, నమూనా మెరకలో తీసినదైతే కార్డును దారి చూపించే మేరకే వాడి, సొంత పొలం మట్టిని పరీక్షకు ఇవ్వమని చెప్పాలి.

లెక్కంతా అయ్యాక నాన్నకు పంపేది కార్డులోని అంకెలు కాదు. ఇలా రాస్తే ఆయన దుకాణంలో చూపించుకోగలుగుతాడు:

“నాన్నా, ఎకరాకు డీఏపీ 37 కిలోలు, పొటాష్ 18 కిలోలు. డీఏపీ, పొటాష్ మొత్తం ఆఖరి దమ్ములోనే వేసెయ్. జింక్ సల్ఫేట్ 20 కిలోలు, డీఏపీకి రెండు మూడు రోజుల ముందే వేసుకో, రెండూ కలపకు. యూరియా మొత్తం 120 కిలోలు, మూడు సార్లుగా 40 చొప్పున: నాటేటప్పుడు, పిలకలు వేసేటప్పుడు, చిరుపొట్ట దశలో. యూరియా చల్లే ముందు నీళ్లు తీసేసి బురద పదును మీద చల్లు, ఒకటిన్నర, రెండు రోజుల తర్వాత నీళ్లు పెట్టు.”